వేడెక్కిన "100 వాట్ల" కేబుల్: సెల్లర్‌కు రాసిన ఉత్తరం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెలలో ఆన్‌లైన్‌లో 449 రూపాయలు పెట్టి ఒక టైప్-సి కేబుల్ కొన్నాను. నెల తిరిగేలోపు దాని గురించి సెల్లర్‌కు రెండు పేజీల ఉత్తరం రాయాల్సి వచ్చింది. డబ్బు వెనక్కి వచ్చాక ఆ సంగతి మా ఉప్పల్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క చెప్పాను. అంతే, ఇక లిఫ్టులో ఒకరు, పార్కింగ్‌లో ఒకరు, ఆఫీసు క్యాంటీన్‌లో ఇంకొకరు అడగడం మొదలుపెట్టారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. సెల్లర్ పేరు, కొన్న సైటు పేరు మాత్రం అడగొద్దు. ఇలాంటి కేబుల్ ఏ సైటులోనైనా దొరుకుతుంది.

అసలు ఏం జరిగింది?

ఆఫీసు ల్యాప్‌టాప్‌తో వచ్చిన కేబుల్ ఇంట్లో ఒకటే ఉంది. బ్యాగులో పెట్టుకోవడానికి రెండోది కావాలనిపించింది. వెతికితే "100 వాట్ల ఫాస్ట్ చార్జింగ్, 5 ఆంపియర్లు, ఈ-మార్కర్ చిప్, 2 మీటర్లు" అని పేరులోనే అన్నీ రాసిన కేబుల్ కనిపించింది. మే 6న ఆర్డర్ పెట్టాను, 9న వచ్చింది. మొదటి పది రోజులు ఫోన్‌కే వాడాను, ఏ ఇబ్బందీ లేదు. మే 18 రాత్రి బ్యాటరీ దాదాపు అయిపోయిన ల్యాప్‌టాప్‌కు పెట్టి భోజనానికి కూర్చున్నాను. అరగంట కాకముందే మా ఆవిడ "ఏదో ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందండీ" అంది. వెళ్లి ల్యాప్‌టాప్ దగ్గరి పిన్ పట్టుకుంటే వేళ్లు నిలవలేదు. ప్లగ్గు తీసేశాక ప్యాకెట్ వెతికి చూశాను. ముందువైపు "100 వాట్లు సూపర్ ఫాస్ట్" అని పెద్దక్షరాలు. వెనకవైపు, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత సన్నగా "గరిష్ఠం 3 ఆంపియర్లు" అని ఉంది.

చార్జింగ్ అవుతుంటే కేబుల్ కాస్త వేడెక్కడం మామూలే కదా?

గోరువెచ్చగా అవ్వడం మామూలే. ఎంతవరకు అన్నదానికి ఒక హద్దు ఉంది. యూఎస్‌బీ టైప్-సి ప్రమాణం ప్రకారం, కేబుల్ మీద రాసిన పూర్తి కరెంటు పోతున్నప్పుడు పిన్ దగ్గరి వేడి గదిలోని వేడి కంటే 30 డిగ్రీలకు మించి పెరగకూడదు. గది 33 డిగ్రీలు ఉంటే 63 దాకా అన్నమాట. మన మే నెలలో అది కూడా చేతికి చురుక్కుమనేంత వేడే, కాబట్టి చెయ్యి కాలినంత మాత్రాన కేబుల్ తప్పుడుదని చెప్పలేం. అందుకే కొలవాల్సి వచ్చింది.

వాసన వచ్చినా, పిన్ దగ్గర ప్లాస్టిక్ రంగు మారినా, మెత్తబడినా కొలతలేమీ వద్దు. మళ్లీ ప్లగ్గులో పెట్టకండి. ఆ స్థితిలో ఉన్న కేబుల్ ఫొటోయే చాలినంత రుజువు. నా కేబుల్‌కు వాసన ఒక్కసారే వచ్చింది, ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు. అందుకని ఇరవై నిమిషాల చొప్పున పక్కనే కూర్చుని రెండుసార్లు మాత్రం పరీక్షించాను.

తప్పు అడాప్టర్‌ది కాదని ఎలా తేల్చారు?

ఇది సెల్లర్ అడిగే మొదటి ప్రశ్న, కాబట్టి మనమే ముందు తేల్చుకోవాలి. అదే అడాప్టర్, అదే ల్యాప్‌టాప్, అదే గది, బ్యాటరీ అదే పది శాతం దగ్గర. మార్చింది కేబుల్ ఒక్కటే. మే 20న కొత్త కేబుల్‌తో, 21న ల్యాప్‌టాప్‌తో వచ్చిన కేబుల్‌తో ఇరవై నిమిషాల చొప్పున చార్జ్ చేసి పిన్ వేడి చూశాను. గది రెండు రోజులూ 33 డిగ్రీలు. పాత కేబుల్ పిన్ 44 డిగ్రీల దగ్గర ఆగింది. కొత్తది 71కి పోయింది. అంటే 38 డిగ్రీల పెరుగుదల. అడాప్టర్‌దో ల్యాప్‌టాప్‌దో తప్పయితే రెండు కేబుళ్లూ అలాగే కాలాలి కదా.

వేడి కొలవడానికి తుపాకీలా గురిపెట్టే థర్మామీటర్ వాడాను, కరోనా రోజుల్లో గేటు దగ్గర నుదుటికి పెట్టేవాళ్లే, అలాంటిదే. నుదుటికి పెట్టేది మాత్రం ఇంత వేడి చూపించదు, వస్తువులకు వాడేది కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మెరిసే లోహం మీద గురిపెడితే అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పిన్ మీద ఒక చుట్టు నల్ల ఇన్సులేషన్ టేపు వేసి ఆ టేపు మీద గురిపెట్టాలి. మొదటిసారి టేపు లేకుండా కొలిచి 46 అని చూసి, అనవసరంగా సెల్లర్‌ను తిట్టుకున్నానా అనుకున్నాను!

అది 100 వాట్ల కేబుల్ కాదని కచ్చితంగా ఎలా చెప్పగలరు?

ఇక్కడ కేబుల్ లోపలి సంగతి కొంచెం చెప్పాలి. రెండువైపులా టైప్-సి పిన్ ఉన్న మామూలు కేబుల్‌ను అడాప్టర్ 3 ఆంపియర్ల కేబుల్‌గానే లెక్కేసుకుంటుంది. 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటే 60 వాట్లు. అంతకు మించి పంపాలంటే పిన్‌లో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. అడాప్టర్ కరెంటు పెంచే ముందు ఆ చిప్‌ను "నువ్వు ఎంత మోయగలవు" అని అడుగుతుంది. "5 ఆంపియర్లు" అని జవాబొస్తేనే 100 వాట్లకు పోతుంది. జవాబే రాకపోతే 60 దగ్గర ఆగిపోతుంది. మంచి ఏర్పాటు అది. సెల్లర్ ఎంత రాసుకున్నా, సరైన అడాప్టర్ ఆ రాతను నమ్మదు.

కోఠి గుజరాతీ గల్లీలో టైప్-సి మీటర్ ఒకటి తెచ్చాను, అడాప్టర్‌కూ కేబుల్‌కూ మధ్య పెట్టేది. వోల్టులు, ఆంపియర్లు తెర మీద చూపిస్తుంది. 100 వాట్ల అడాప్టర్, ఆకలి మీదున్న ల్యాప్‌టాప్. పాత కేబుల్‌తో 20 వోల్టులు, 4.4 ఆంపియర్లు, అంటే 88 వాట్లు. కొత్త కేబుల్‌తో 20 వోల్టులు, 2.9 ఆంపియర్లు, 58 వాట్లు. ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా 3 దాటలేదు. నా మీటర్‌లో ఈ-మార్కర్ చదివే ఆప్షన్ కూడా ఉంది. పాత కేబుల్‌కు 5 ఆంపియర్లు అని చూపించింది, కొత్తదానికి చిప్పే లేదంది.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త ఉంది. 60 వాట్ల కంటే ఎక్కువ తీసుకునే ల్యాప్‌టాప్, అంతకంటే ఎక్కువ ఇచ్చే అడాప్టర్ రెండూ ఉండాలి, బ్యాటరీ ఖాళీగా ఉండాలి. 45 వాట్ల అడాప్టర్‌తోనో, నిండిన బ్యాటరీతోనో చూస్తే మంచి కేబుల్ కూడా 3 ఆంపియర్లు దాటదు. అది పట్టుకుని సెల్లర్ మీదికి వెళ్తే మన మాటే తప్పవుతుంది.

3 ఆంపియర్లకు మించి పోనప్పుడు అంత వేడి ఎందుకొచ్చింది?

చాలామంది ఇది అడగరు గాని, నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చిప్ లేకపోవడం వల్ల వేడి రాలేదు. నిజానికి చిప్ లేకపోవడమే కాపాడింది, కరెంటును 3 దగ్గర ఆపింది. వేడికి కారణం లోపలి వైరు. చిప్ లేదన్నది ఒక మోసం, వైరు సన్నగా ఉందన్నది ఇంకో మోసం. ప్యాకెట్ వెనక రాసుకున్న 3 ఆంపియర్లను కూడా ఆ కేబుల్ సరిగా మోయలేకపోయింది.

దీన్ని కూడా అదే మీటర్‌తో చూడొచ్చు. అడాప్టర్ వైపు పెట్టినప్పుడు 20.0 వోల్టులు. మీటర్ తీసి ల్యాప్‌టాప్ వైపు పెడితే 18.2. దారిలోనే 1.8 వోల్టులు పోయాయి. పోయేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు కలిపి ప్రమాణం ఒప్పుకునేది 0.75 వోల్టు. పోయిన వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే, 1.8 ఇంటూ 2.9, అయిదు వాట్ల పైచిలుకు. అదంతా కేబుల్‌లోనే వేడిగా మారుతోంది. అందులో పెద్ద వాటా పిన్ దగ్గరి అతుకులో పోగవుతున్నట్టుంది. తీగంతా వెచ్చగా ఉంది గాని కాలింది మాత్రం పిన్. తీగ పొడవునా సమంగా వేడెక్కితే వైరు సన్నం. ఒక్క చివరే కాలితే అతుకో, సాకెట్‌లో పట్టో సరిగా లేదు. నాకు రెండూ వచ్చాయి.

ఫోన్‌కు పెట్టినప్పుడు పది రోజులు ఏమీ తెలియకపోవడానికీ కారణం ఇదే. వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. నా ఫోన్ 2 ఆంపియర్లకు మించి లాగదు. ఆ కరెంటుకు ఈ కేబుల్‌లో రెండున్నర వాట్లే వేడి. 2.9కి పోయేసరికి అది రెట్టింపు దాటింది. "ఫోన్‌కు బాగానే పనిచేస్తోంది కదా" అన్నది కేబుల్ బాగుందనడానికి రుజువు కాదు.

మీటర్, థర్మామీటర్ లేకపోతే ఉత్తరం రాయకూడదా?

రాయొచ్చు. నా ఉత్తరంలో బలమైన వాక్యం ఏ మీటర్ నుంచీ రాలేదు. లిస్టింగ్‌లో 5 ఆంపియర్లు, వాళ్లే పంపిన ప్యాకెట్ మీద 3 ఆంపియర్లు. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే చాలు, ఏ నిపుణుడూ అక్కర్లేదు.

రుజువులుగా ఏమేం దాచాలి?

లిస్టింగ్ స్క్రీన్‌షాట్ అన్నిటికంటే ముందు తీయాలి, ఫిర్యాదు చేయకముందే. తర్వాత అది మారిపోతుంది. నా విషయంలో నిజంగానే మారింది. ఉత్తరం పంపిన నాలుగో రోజుకు లిస్టింగ్‌లో "ఈ-మార్కర్ చిప్" అన్న మాట మాయమైంది.

ఎవరూ చెప్పని ఒక సంగతి. ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసి చూడండి. చాలా సైట్లలో ఇన్‌వాయిస్ మీద వస్తువు పేరు లిస్టింగ్‌లో ఉన్నదున్నట్టే ముద్ర పడుతుంది. నా ఇన్‌వాయిస్‌లో "100 వాట్లు, 5 ఆంపియర్లు" అని సెల్లర్ పేరు, జీఎస్‌టీ నంబరు కిందే ఉంది. లిస్టింగ్ మార్చుకోవచ్చు గాని నా చేతిలో ఉన్న ఇన్‌వాయిస్‌ను మార్చలేరు కదా.

ప్యాకెట్ అన్ని వైపులా ఫొటో తీశాను. తీసేటప్పుడే ఇంకొకటి తేలింది. దాని మీద తయారు చేసినవాళ్ల చిరునామా గాని, దిగుమతిదారు చిరునామా గాని, నెల, సంవత్సరం గాని లేవు. ప్యాక్ చేసి అమ్మే వస్తువుల మీద ఇవి ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెప్తున్నాయి. వేడికీ దీనికీ సంబంధం లేదు. కాని ఉత్తరంలో ఒక వాక్యానికి పనికొచ్చింది.

కేబుల్‌ను మాత్రం కోసి లోపల వైరు చూపించాలని ఉబలాటపడొద్దు. మా బావమరిది "కత్తిరించి చూద్దాం బావా" అని తెగ పోరాడు. కోస్తే "మీరే పాడు చేశారు" అంటారు. జిప్ కవర్‌లో వేసి తేదీ రాసి పెట్టండి.

ఉత్తరంలో ముందు ఏది రాయాలి, వేడి సంగతా, లేబుల్ సంగతా?

లేబుల్ సంగతే. మొదట నేను రాసిన చిత్తుప్రతి కాలిన వాసనతో మొదలై మా ఆవిడ భయంతో ముగిసింది. చదివిన మా ఆఫీసు పెద్దాయన "బాబూ, ఇది కష్టసుఖాల ఉత్తరంలా ఉంది" అన్నారు. ఆయన మాట నిజమే. వేడి అనగానే సెల్లర్ చేతిలో పది సాకులుంటాయి, అడాప్టర్ మంచిది కాదనో, గదిలో ఎండనో, వాడకం తప్పనో. 5 అని చెప్పి 3 పంపారు అన్నదానికి సాకు లేదు. ముందు అది నిలబెట్టి, దాని కింద వేడిని పెడితే, వేడి కూడా అదే అబద్ధానికి ఫలితంలా కనిపిస్తుంది. ప్రమాద భయం అవసరమే గాని ఒక్క వాక్యం చాలు.

ఆ ఉత్తరం చూపిస్తారా?

సెల్లర్ వేరే రాష్ట్రం కాబట్టి ఇంగ్లీషులో పంపాను. ముందు తెలుగులోనే రాసుకున్నాను, ఆ ప్రతి ఇది. ఆర్డర్ నంబరు, పేర్లు తీసేశాను.

> తేదీ: 22 మే 2025
>
> ఫిర్యాదుల అధికారి గారికి,
>
> విషయం: ఆర్డర్ నంబరు ……., టైప్-సి కేబుల్, వర్ణనకు విరుద్ధంగా ఉండటం, ప్రమాదకరంగా వేడెక్కడం.
>
> అయ్యా,
>
> మే 6న మీ దగ్గర 449 రూపాయలకు పై కేబుల్ కొన్నాను. మే 9న అందింది. లిస్టింగ్‌లోనూ, మీరిచ్చిన ఇన్‌వాయిస్‌లోనూ ఇది 100 వాట్ల, 5 ఆంపియర్ల కేబుల్ అని ఉంది. లిస్టింగ్‌లో ఈ-మార్కర్ చిప్ ఉందని కూడా రాశారు. మీరు పంపిన ప్యాకెట్ వెనకవైపు మాత్రం గరిష్ఠం 3 ఆంపియర్లు అని ఉంది. మూడింటి ఫొటోలు జతపరిచాను (1, 2, 3).
>
> 100 వాట్ల అడాప్టర్‌తో పరీక్షించగా ఈ కేబుల్ ద్వారా 20 వోల్టుల దగ్గర 2.9 ఆంపియర్లకు మించి కరెంటు రాలేదు. అదే అడాప్టర్, అదే ల్యాప్‌టాప్‌కు వేరే కేబుల్‌తో 4.4 ఆంపియర్లు వచ్చింది. ఈ-మార్కర్ చిప్ లేదని మీటర్ చూపింది (ఫొటోలు 4, 5, 6).
>
> 2.9 ఆంపియర్ల దగ్గర ఇరవై నిమిషాలకు పిన్ 71 డిగ్రీలకు చేరింది. గది వేడి 33 డిగ్రీలు. కేబుల్‌లో 1.8 వోల్టులు పోతున్నాయి. అంటే ప్యాకెట్ మీద రాసిన 3 ఆంపియర్లకు కూడా ఇది పనికిరాదు (ఫొటోలు 7, 8). మే 18న కాలిన వాసన వచ్చినందున వాడటం ఆపేశాను. కేబుల్‌ను, ప్యాకెట్‌ను భద్రంగా ఉంచాను.
>
> ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, నెల, సంవత్సరం లేవు.
>
> లోపమున్న వస్తువును, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించకూడదని వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020లోని 6వ నియమం చెబుతోంది. కాబట్టి:
>
> ఒకటి, 449 రూపాయలు నేను చెల్లించిన ఖాతాకే తిరిగి ఇవ్వండి. ఇదే కేబుల్ మళ్లీ పంపితే అంగీకరించను.
>
> రెండు, కేబుల్ వెనక్కి కావాలంటే మీ ఖర్చుతో తీసుకెళ్లండి.
>
> మూడు, లిస్టింగ్‌లో తప్పుడు వివరాలు సరిచేసి, ఇదివరకు కొన్నవారికి తెలియజేయండి.
>
> జూన్ 6లోగా జవాబు ఇవ్వగలరు. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను.
>
> ఇట్లు,
> ……….

మెసేజ్ బాక్సులో కాకుండా ఈమెయిల్‌లో పంపాను, సైటు ఫిర్యాదుల అధికారికి కూడా ప్రతి పెట్టాను. చాట్‌లో మాట్లాడితే రేపు చూపించడానికి ఏమీ మిగలదు.

పరిహారం ఎందుకు అడగలేదు?

ఏమీ కాలిపోలేదు కాబట్టి. ల్యాప్‌టాప్ సాకెట్ కరిగి ఉంటే రిపేరు బిల్లు పెట్టి అడిగేవాణ్ణి. లేని నష్టానికి యాభై వేలు అడిగితే మిగతా ఉత్తరం కూడా తేలిపోతుంది.

ఏడు రోజుల రిటర్న్ గడువు అయిపోయింది కదా, ఎలా ఒప్పుకున్నారు?

మొదట ఒప్పుకోలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి మూడుసార్లు "రిటర్న్ విండో క్లోజ్ అయింది సార్" అంది. పాపం ఆమె చేతిలో ఉన్న తెర మీద అంతే ఉంటుంది. రిటర్న్ గడువు అన్నది సైటు మనకిచ్చే సౌకర్యం, రంగు నచ్చకపోయినా వెనక్కి ఇచ్చేందుకు. చెప్పిన లక్షణాలు లేని వస్తువు సంగతి వేరు. దానికి 2020 నియమాలే ఆధారం. అలాగని ఏడాది వాడి అరిగిన కేబుల్ తీసుకెళ్తే ఎవరూ వినరు. నేను లోపం కనిపించిన నాలుగు రోజుల్లోనే రాశాను, అదీ కలిసొచ్చింది.

సెల్లర్ ఏమని జవాబిచ్చాడు?

మూడో రోజు, మే 25న, ఒక ఈమెయిల్. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, రీప్లేస్‌మెంట్ పంపుతాం." అదే లిస్టింగ్, అదే కేబుల్! ఉత్తరంలో రీప్లేస్‌మెంట్ వద్దని ముందే రాయబట్టి ఒక్క వాక్యంతో తిప్పికొట్టాను. తర్వాత ఫోన్ చేసి "ఒక్క స్టార్ రివ్యూ తీసేస్తే వెంటనే రీఫండ్ చేస్తాం సార్" అన్నాడు. రివ్యూలో నేను రాసింది కొలతలే, తీయనన్నాను. ఆ మాట ఈమెయిల్‌లో పెట్టమని అడిగాను. పెట్టలేదు.

మే 26న సైటు ఫిర్యాదుల అధికారికి విడిగా ఫిర్యాదు నమోదు చేశాను. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి అన్నది అవే 2020 నియమాల్లో ఉంది. మర్నాడే ఫిర్యాదు నంబరు వచ్చింది. జూన్ 9న 449 రూపాయలు ఖాతాలో పడ్డాయి. మూడో కోరిక, పాత కొనుగోలుదారులకు చెప్పడం, ఎవరూ పట్టించుకోలేదు.

ఎవరూ జవాబివ్వకపోతే తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు తెప్పిస్తారు. చిన్న మొత్తాలకు చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సెల్లర్ ఢిల్లీలో ఉన్నా సూరత్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. e-jagriti.gov.in లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. 449 రూపాయల కోసం అంత దూరం వెళ్తారా అంటే, నేనైతే వెళ్లేవాణ్ణి కాదేమో. ఉత్తరంలో మాత్రం వెళ్తానని రాశాను.

నా కేబుల్ మీద "ఫాస్ట్ చార్జింగ్" అని మాత్రమే ఉంది, అంకెలు లేవు. నేనూ ఇలా రాయొచ్చా?

కష్టం. "ఫాస్ట్" అన్న మాటకు ఇన్ని వాట్లని హద్దు లేదు. 18 వాట్లు కూడా ఒకప్పుడు ఫాస్టే. అలాంటప్పుడు లేబుల్ వాదన వదిలేసి వేడి మీదే రాయాలి, అంటే ఇంకో కేబుల్‌తో పోల్చిన కొలతలు తప్పనిసరి. అంకెలు లేని లిస్టింగ్‌లో కొనకపోవడమే తేలిక.

వేడేమీ లేదు గాని నా ఫోన్ "ఫాస్ట్" అని చూపించడం లేదు. అదీ మోసమేనా?

కాకపోవచ్చు. కొన్ని ఫోన్ కంపెనీల ఫాస్ట్ చార్జింగ్ వాళ్ల అడాప్టర్, వాళ్ల కేబుల్ ఉంటేనే పనిచేస్తుంది. నిజమైన 100 వాట్ల కేబుల్ కూడా అక్కడ మామూలుగానే చార్జ్ చేస్తుంది. ఆ ఫోన్ పేరు లిస్టింగ్‌లో రాసి ఉంటే తప్ప అది సెల్లర్ తప్పు కాదు.

ఆ కేబుల్ ఇప్పుడెక్కడుంది?

వాళ్లు తీసుకెళ్లలేదు. డబ్బు పడిన వారానికి ఒకసారి పికప్ అని మెసేజ్ వచ్చింది గాని ఎవరూ రాలేదు. ప్యాకెట్‌తో సహా జిప్ కవర్‌లో, టీవీ కింద అరలో ఉంది. పిల్లలు తీసి ఫోన్‌కు పెట్టకుండా రెండు పిన్నులకూ ఇన్సులేషన్ టేపు చుట్టాను.